ఎనభై డిగ్రీల దగ్గర ఆగిన మోకాలు

ఎముకల డాక్టర్లు పరీక్ష చేస్తూ రాసుకునే నోట్సు చాలా పొట్టిగా ఉంటుంది. "కుడి మోకాలు: స్థిర వంపు 10. తనంతట తాను 10–80. మనం వంచితే 10–90. ఎడమ 0–140. తొడ కండరం బలం 4/5. తొడ చుట్టుకొలత కుడి 42, ఎడమ 45. గొంతు కూర్చోలేడు. బాసిపట్టు లేదు. మెట్లు ఒక్కొక్కటిగా." అంతే, నాలుగైదు వరుసలు. తోటి ఎముకల డాక్టరుకు చూపిస్తే ఆ మోకాలు మొత్తం కళ్లకు కడుతుంది. కానీ ఈ వరుసల్లోంచి తయారయ్యే ఉత్తరాన్ని చదివేది ఇంకో డాక్టరు కాదు. ట్రైబ్యునల్ జడ్జి చదువుతారు, బీమా కంపెనీ వకీలు చదువుతాడు, కార్మిక శాఖ అధికారి చదువుతారు. వాళ్లలో ఎవరూ ఆ మోకాలిని చూసి ఉండరు. మనిషి జీవితాంతం ఏ పని చేసుకోగలడు, ఎంత పరిహారం అందుతుంది అన్నవి ఆ ఒకటిన్నర పేజీ కాగితం మీద ఆధారపడతాయి.

అలాంటి ఒక ఉత్తరం ఎలా తయారవుతుందో, ఎక్కడ చెడిపోతుందో ఒక్క కేసు పట్టుకుని చూద్దాం. ఇందులోని మేస్త్రీ ఫలానా వ్యక్తి అని కాదు. ఇలాంటివాళ్లు మన ఆసుపత్రుల్లో తరచూ కనిపిస్తారు కాబట్టి వివరాలన్నీ కలిపి ఒక మనిషిగా చెబుతున్నాను. వయసు 38. తాపీ పని. బైకు మీద వెళ్తుండగా కారు గుద్దింది. కుడి మోకాలి కింద, పెద్ద ఎముక పైభాగం విరిగి పగులు కీలు లోపలికి పాకింది. ఆపరేషన్ చేసి ప్లేటు, స్క్రూలు వేశారు. పధ్నాలుగు నెలలయింది. ఎముక అతికింది, ఫిజియోథెరపీ అయింది, ఇక మోకాలు వంగడం ఆగిపోయింది. ఇప్పుడు ట్రైబ్యునల్‌లో కేసు కోసం డాక్టరు ఉత్తరం కావాలి.

ముందుగా ఆ నంబర్లు ఎలా పుట్టాయో చూడాలి. కీలు ఎంత కదులుతుందో కొలిచే పరికరం గోనియోమీటర్. రెండు స్కేళ్లను ఒక కోణమానినికి మధ్యలో బిగించినట్టుంటుంది. మనిషిని వెల్లకిలా పడుకోబెట్టి, దాని ఇరుసును మోకాలి బయటి వైపు ఎముక బుడిపె మీద ఆనిస్తారు. ఒక చెయ్యి తుంటి దగ్గరి ఎముక వైపు, రెండోది చీలమండ బయటి ఎముక వైపు చూడాలి. కాలు తిన్నగా చాపితే సున్నా. ముందు మంచి కాలు కొలవాలి. ఎందుకంటే ఈ మనిషికి మామూలు ఎంతో చెప్పేది ఆ కాలే. పుస్తకంలో రాసిన సగటు మోకాలు ఈ మేస్త్రీది కాదు. అతని ఎడమ మోకాలు సున్నా నుంచి 140 దాకా వంగింది కాబట్టి, కుడి మోకాలు కూడా ప్రమాదానికి ముందు అంతే వంగేదని అనుకోవచ్చు.

తర్వాత గాయపడిన కాలు. మేస్త్రీని "మీ అంతట మీరు వంచండి" అంటే 80 దగ్గర ఆగాడు. డాక్టరు చేత్తో మెల్లగా ఒత్తితే ఇంకో పది డిగ్రీలు వెళ్లింది. ఈ రెండు సంఖ్యలనూ విడివిడిగా రాయాలి. తనంతట తాను వంచేది కండరం బలం, నొప్పి, కీలు ఈ మూడూ కలిసి ఇచ్చే ఫలితం. చేత్తో వంచితే వచ్చేది ఎక్కువగా కీలు గురించి చెబుతుంది. 90 దగ్గర ఎలా ఆగిందన్నది కూడా నోట్సులో ఉండాలి. రాయికి తగిలినట్టు ఠక్కున ఆగిందా, సాగదీసినట్టు బిగుసుకుంటూ ఆగిందా? మొదటిది ఎముక అడ్డు, రెండోది అతుక్కుపోయిన కండరం లేదా కీలు సంచి. ముందుముందు బాగుపడే అవకాశం ఉందా అని ఎవరైనా అడిగితే ఈ మాటే జవాబు చెబుతుంది.

నోట్సులో అన్నిటికన్నా ముందున్న "స్థిర వంపు 10" చాలామంది కంటికి చిన్నదిగా కనిపిస్తుంది. నిజానికి రోజంతా బాధపెట్టేది అదే. కాలు పూర్తిగా చాచి నిలబడితే మోకాలు తాళం పడుతుంది, తొడ కండరానికి విశ్రాంతి దొరుకుతుంది. పది డిగ్రీలు వంగి ఆగిపోయిన కాలికి ఆ తాళం పడదు. నిలబడినంతసేపూ తొడ కండరం పని చేస్తూనే ఉండాలి. అందుకే సగం రోజు నిలబడగానే అతనికి తొడ బరువెక్కి కాలు లాగుతుంది. ఈ కారణం చెప్పకుండా "ఎక్కువసేపు నిలబడలేడు" అని మాత్రం రాస్తే అది మేస్త్రీ చెప్పిన ఫిర్యాదుగా మిగిలిపోతుంది. కారణం రాస్తే పరీక్షలో తేలిన విషయమవుతుంది.

ఆ డిగ్రీలు రోజువారీ పనుల్లో ఏమవుతాయో ఇప్పుడు చూద్దాం. చదును నేల మీద నడవడానికి మోకాలు సుమారు 60–70 డిగ్రీలు వంగితే సరిపోతుంది. కాబట్టి మేస్త్రీ నడవగలడు. మెట్లెక్కడానికి 80 పైచిలుకు, దిగడానికి 90 దాకా కావాలి. అందుకే అతను మంచి కాలు ముందుంచి ఒక్కో మెట్టూ ఎక్కుతాడు, దిగేటప్పుడు రెయిలింగు పట్టుకుంటాడు. కుర్చీలోంచి లేవడానికి కూడా 90 పైనే కావాలి. అది లేక కుడి కాలు ముందుకు చాపుకుని, చేతుల మీద భారం వేసి లేస్తాడు. ఇక గొంతు కూర్చోవడానికి 120–130 దాటాలి. బాసిపట్టు వేయడానికీ మోకాలు బాగా వంగాలి. 80 దగ్గర ఆగిన మోకాలికి ఆ రెండూ లేవు.

తాపీ పనికి ఆ రెండే ప్రాణం. టైల్స్ పరవాలన్నా, గచ్చు చేయాలన్నా, గోడ మొదటి వరసలు పెట్టాలన్నా మనిషి గొంతు కూర్చునే జరుగుతూ పోవాలి. పరంజా ఎక్కి, వంగి, మోకాలు మడిచి ఒక కాలి మీద ఆగి పని చేయాలి. ఈ మేస్త్రీ ఇప్పుడు నేల మీద నిలబడి ఛాతీ ఎత్తులో ప్లాస్టరింగ్ చేయగలడు, తూకం గుండు పట్టి గోడ నిలువు చూడగలడు, కూలీలకు పని పురమాయించగలడు. కింద కూర్చుని చేసే పని లేదు, పైకెక్కి చేసే పనీ లేదు. చేయలేని వాటితో పాటు చేయగలిగినవీ ఉత్తరంలో రాయాలని నా గట్టి అభిప్రాయం. అన్నీ చేయలేడని రాసిన కాగితాన్ని ఎవరూ నమ్మరు. ఇది చేయగలడు, అది చేయలేడు, ఎందుకంటే మోకాలు ఇక్కడ ఆగింది అని రాసిన కాగితాన్ని కొట్టిపారేయడం కష్టం.

ఇక అందరూ అడిగే శాతం. మన దేశంలో కదలికలకు సంబంధించిన వైకల్యాన్ని లెక్కకట్టడానికి కేంద్ర ప్రభుత్వం గెజెట్‌లో మార్గదర్శకాలు ప్రకటించింది. వికలాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చాక వాటిని 2018 జనవరిలో కొత్తగా ఇచ్చారు, 2024 మార్చిలో మళ్లీ సవరించారు. లెక్క చేసే డాక్టరు ఏ సంవత్సరం మార్గదర్శకాలు వాడారో ఉత్తరంలో రాయాలి. కాలి విషయంలో లెక్క పునాది చాలాకాలంగా ఒకటే. కదలిక ఒక భాగం, నిలకడ ఒక భాగం. కదలికలో తుంటి, మోకాలు, చీలమండ మూడింటికీ సమాన వాటా, ఒక్కోదానికి 0.30.

మన మేస్త్రీ లెక్క చూద్దాం. మంచి మోకాలు 140 డిగ్రీలు కదులుతుంది. గాయపడిన మోకాలు 10 దగ్గర మొదలై 80 దగ్గర ఆగుతుంది, అంటే 70 డిగ్రీలే. సగం పోయింది. 50 శాతాన్ని 0.30తో హెచ్చిస్తే 15. మోకాలిని చాచే, వంచే కండరాల బలం రెండూ 4/5. ఆ గ్రేడుకు 20 శాతం నష్టం అని లెక్క. దాన్నీ 0.30తో హెచ్చిస్తే 6. ఈ 15నీ 6నీ నేరుగా కూడరు. ఒక నష్టం పోగా మిగిలినదానిలోనే రెండో నష్టాన్ని లెక్కగట్టాలని ఒక సూత్రం పెట్టారు. పెద్ద సంఖ్య a, చిన్నది b అయితే:

a + b × (90 − a) ÷ 90

అలా 15 + 6 × 75 ÷ 90 = 20. కదలిక నష్టం 20 శాతం.

నిలకడను చూడటానికి తొమ్మిది పనులు చేయించి చూస్తారు. చదునులో నడక, వాలులో నడక, మెట్లెక్కడం, రెండు కాళ్ల మీద నిలబడటం, దెబ్బతిన్న కాలి మీద నిలబడటం, గొంతు కూర్చోవడం, బాసిపట్టు, మోకాళ్ల మీద ఆనడం, చుట్టూ తిరగడం. ఒక్కోదానికి పది. మేస్త్రీ గొంతు కూర్చోవడంలో, బాసిపట్టులో పదికి పదీ పోగొట్టుకున్నాడు. మోకాళ్ల మీద ఆనడంలో ఏడు, మెట్లలో నాలుగు, ఒంటి కాలి నిలకడలో మూడు, వాలు నడకలో రెండు. మొత్తం 36. ఇప్పుడు నిలకడను, కదలికను అదే సూత్రంతో కలిపితే 36 + 20 × 54 ÷ 90 = 48. నొప్పికీ, వంకరకీ, కాలు పొట్టికావడానికీ విడిగా కొన్ని పాయింట్లు ఉంటాయి. లెక్క తేలిగ్గా కనబడటానికి వాటిని ఇక్కడ వదిలేశాను. మేస్త్రీకి కుడి కాలిలో 48 శాతం.

ఈ 48లో కండరం గ్రేడు, నిలకడకు వేసే మార్కులు డాక్టరు అంచనా మీద ఆధారపడతాయి. ఒకే మోకాలిని ఇద్దరు అనుభవజ్ఞులు కొలిచినా అయిదు డిగ్రీల తేడా రావడం మామూలే. మెట్లలో నాలుగు పోయాయా, అయిదు పోయాయా అన్నదాంట్లో కూడా ఇద్దరు డాక్టర్లకు తేడా ఉంటుంది. కాబట్టి 48కి, 46కి మధ్య తగువు పెట్టుకోవడంలో అర్థం లేదు. తేడాలు ఎక్కడ వచ్చాయో తెలియాలంటే మాత్రం ఉత్తరంలో 48 ఒక్కటే కాక, పై కొలతలన్నీ ఉండాలి. మరో డాక్టరు వాటితో మళ్లీ లెక్క వేసి చూడగలగాలి.

ఇక్కడే ఎక్కువమంది పొరబడే విషయం ఒకటుంది. 48 శాతం కుడి కాలికి. మనిషి మొత్తానికి కాదు. సదరం క్యాంపులోనో, వైకల్య ధ్రువపత్రాలిచ్చే మరో మెడికల్ బోర్డులోనో ఇచ్చే పత్రంలో కూడా ఏ శరీర భాగానికి సంబంధించి అని రాసే చోటు ఉంటుంది. అక్కడ 40 శాతం గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉంటే చట్టం చెప్పిన హద్దు చేరినట్టు. దాన్నిబట్టి పథకాలకు, రిజర్వేషన్లకు అర్హత చూస్తారు. మేస్త్రీ ఆ హద్దు దాటాడు. కానీ ప్రమాద పరిహారం లెక్క వేరు.

2010 అక్టోబరులో రాజ్‌కుమార్ వర్సెస్ అజయ్‌కుమార్ కేసులో సుప్రీంకోర్టు ఈ తేడాను విడమరిచి చెప్పింది. ఆ కేసులోని వ్యక్తి జున్ను అమ్ముకునేవాడు. ఎడమ కాలికి 45 శాతం శాశ్వత వైకల్యం అని డాక్టరు రాశారు. కాలికి రాసిన శాతాన్ని తీసుకొచ్చి నేరుగా శరీరం మొత్తానికి అంటగట్టకూడదని కోర్టు చెప్పింది. కుడి చేతికి 60, ఎడమ కాలికి 80 అని ఉంటే మనిషికి 140 శాతం అయిపోదు కదా. మొదట ఏ పనులు చేయగలడో, ఏవి చేయలేడో తేల్చాలి. తర్వాత ప్రమాదానికి ముందు ఏ వృత్తి చేసేవాడో, వయసెంతో చూడాలి. ఆ తర్వాతే సంపాదన శక్తి ఎంత పోయిందో తేల్చాలి. ఎడమ చెయ్యి పోతే డ్రైవరుకో, వడ్రంగికో సంపాదన దాదాపు మొత్తం పోవచ్చు. అదే చెయ్యి పోయిన ప్రభుత్వ గుమాస్తాకు ఉద్యోగం నిలబడితే సంపాదన నష్టం లేకపోవచ్చు. సంపాదన నష్టం తేల్చే పని ట్రైబ్యునల్‌దని, డాక్టరు చెప్పాల్సింది వైకల్యం గురించేనని కోర్టు స్పష్టం చేసింది.

మేస్త్రీ విషయంలో ఇది డబ్బు రూపంలో ఎంత తేడా తెస్తుందో చూడండి. నెలకు 15,000 సంపాదన అనుకుందాం. 36–40 ఏళ్ల వారికి 2009 నాటి సరళా వర్మ తీర్పు ప్రకారం గుణకం 15. అంటే 15,000 × 12 × 15 = 27,00,000. ఆదాయం ముందుముందు పెరుగుతుందని కలిపే మొత్తాన్ని లెక్కలోకి తేవడం లేదు. కాలి శాతంలో మూడో వంతు, అంటే 16 శాతం శరీరం మొత్తానికి అని తీసుకుని, సంపాదన నష్టమూ అంతే అనుకుంటే 4,32,000 వస్తుంది. గొంతు కూర్చునే పని, పరంజా ఎక్కే పని పోయాయని రుజువై సంపాదన నష్టం 40 శాతమని తేలితే 10,80,000. మధ్యలో తేడా ఆరు లక్షల పైచిలుకు. మోకాలు ఒకటే, డిగ్రీలు ఒకటే. 80 డిగ్రీలకూ టైల్స్ పరవడానికీ సంబంధం ఏమిటో ఉత్తరంలో రాశారా లేదా అన్నదే ఆ తేడా.

కార్మికుడు పని చేస్తుండగానే గాయపడిన కేసు అయితే పరిస్థితి మారుతుంది. 2020 నాటి సామాజిక భద్రతా కోడ్ ప్రకారం, కోడ్ జాబితాలో లేని గాయాలకు సంపాదన శక్తి నష్టాన్ని అర్హత ఉన్న డాక్టరే అంచనా వేసి ఇవ్వాలి. మేస్త్రీ బైకు మీద కాకుండా పరంజా మీంచి పడి ఉంటే, డాక్టరు వదిలేయాల్సిన ఆ అంచనా తప్పనిసరిగా రాయాల్సి వచ్చేది. కాబట్టి నోట్సు చేతిలోకి తీసుకునే ముందు అడగాల్సిన మొదటి ప్రశ్న, ఈ ఉత్తరం ఎక్కడికి వెళ్తుంది అని.

ఇప్పుడు ఉత్తరం. పెద్ద ఆసుపత్రుల్లో దాన్ని చాలాసార్లు జూనియర్ డాక్టరో, సెక్రటరీనో తయారు చేస్తారు, సర్జన్ చదివి సంతకం పెడతారు. తొందరలో తయారయ్యే ఉత్తరం ఇలా ఉంటుంది: "పై వ్యక్తి కుడి మోకాలి ఎముక విరిగి చికిత్స పొందారు. మోకాలి కదలికలు తగ్గాయి. 48 శాతం శాశ్వత వైకల్యం ఉంది. పని చేయలేరు." ప్రతి వాక్యమూ ఒక ప్రశ్న లేపుతుంది. ఎంత తగ్గాయి? 48 దేనికి? ఏ పని?

అదే నోట్సులోంచి శ్రద్ధగా రాసిన ఉత్తరంలోని ముఖ్య భాగం ఇలా ఉండొచ్చు:

"ఈయన్ని నేనే స్వయంగా పరీక్షించాను. గుర్తింపు కార్డు, ఆపరేషన్ నాటి డిశ్చార్జి సమ్మరీ, ఈ వారం తీసిన ఎక్స్‌రేలు చూశాను. కుడి మోకాలు పూర్తిగా చాచలేరు. పది డిగ్రీల వంపుతో మొదలై, సొంతంగా ఎనభై డిగ్రీల దగ్గర ఆగుతుంది, నేను వంచితే తొంభై వరకు వెళ్తుంది. అక్కడ బిగుసుకుంటూ ఆగింది. ఎడమ మోకాలు సున్నా నుంచి నూట నలభై. మోకాలి చిప్పకు 15 సెంటీమీటర్ల పైన తొడ చుట్టుకొలత కుడివైపు 3 సెంటీమీటర్లు తక్కువగా ఉంది. ఎముక అతికింది, కీలు ఉపరితలం ఎగుడుదిగుడుగా ఉంది.

వరండాలో నడక, ఒక వరుస మెట్లు నేను చూశాను. కుంటుతూ, సాయం లేకుండా నడిచారు. మెట్లు ఒక్కొక్కటిగా, రెయిలింగు పట్టుకుని ఎక్కారు. గొంతు కూర్చోమన్నప్పుడు మోకాలు ఎనభై దగ్గరే ఆగిపోవడంతో కూర్చోలేకపోయారు. అరగంటకు మించి నిలబడితే కాలు లాగుతుందని ఆయన చెప్పారు. పది డిగ్రీల స్థిర వంపుకు అది సరిపోయే లక్షణం.

తాను తాపీ మేస్త్రీనని చెప్పారు. ఈ మోకాలితో నేల మీద గొంతు కూర్చుని, మోకాళ్ల మీద ఆని చేసే పనులు, నిచ్చెన లేదా పరంజా ఎక్కి చేసే పనులు క్షేమంగా చేయలేరు. చదునైన చోట నిలబడి, మధ్యమధ్య విరామంతో, ఛాతీ ఎత్తులో చేసే పనులు చేయగలరు. చికిత్స పూర్తయి, గడిచిన ఆరు నెలల నోట్సులో కదలికలో మార్పు లేనందున ఈ స్థితి శాశ్వతమని నా అభిప్రాయం. మార్గదర్శకాల ప్రకారం కుడి కాలికి సంబంధించి 48 శాతం. ఇది శరీరం మొత్తానికి సంబంధించిన శాతం కాదు. లెక్క వివరం జతచేశాను."

ఇందులో కష్టపడి రాసినవి రెండు మాటలు. "నేను చూశాను" ఒకటి, "ఆయన చెప్పారు" ఇంకొకటి. నోట్సులో ఈ రెండూ కలిసిపోయి ఉంటాయి. "గొంతు కూర్చోలేడు" అని రాసుకుంటే అది డాక్టరు చేయించి చూశారా, మనిషి చెప్పాడా అన్నది ఆరు నెలల తర్వాత ఎవరికీ గుర్తుండదు. క్రాస్ ఎగ్జామినేషన్‌లో వకీలు మొదట పట్టుకునేది ఇదే. "మీరు ఆయన్ని మెట్లెక్కించి చూశారా డాక్టరుగారూ?" అన్న ప్రశ్నకు ఉత్తరంలోనే జవాబు ఉంటే తర్వాతి ప్రశ్న బలం తగ్గుతుంది.

నోట్సు నుంచి ఉత్తరానికి వచ్చేటప్పుడు దొర్లే తప్పులు కొన్ని ఎప్పుడూ కనిపించేవే. కుడి ఎడమలు తారుమారు కావడం వాటిలో మొదటిది. పాత ఉత్తరం తీసి పేరు మార్చి వాడినప్పుడు ఇది జరుగుతుంది. "10–80" అన్నది టైపు చేసేవారి చేతిలో "80 డిగ్రీలు కదులుతుంది" అవుతుంది. అప్పుడు పది డిగ్రీల స్థిర వంపు మాయమై, 70 డిగ్రీల కదలిక 80గా మారి, 15 శాతం కాస్తా 13 అవుతుంది. ఇంకొందరు చాచలేకపోవడాన్ని "–10" అని రాస్తారు. కొన్నిచోట్ల అదే గుర్తును మోకాలు వెనక్కి విల్లులా వంగడానికి వాడతారు. అందుకే ఉత్తరంలో అంకెతో పాటు మాటల్లోనూ, ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో రాయడం మంచిది.

అతిగా చెప్పుకునే మనిషి సంగతి కూడా నిజాయితీగా మాట్లాడాలి. మంచం మీద 40 డిగ్రీల కంటే వంచలేనన్న మనిషి పరీక్ష గదిలోకి వచ్చినప్పుడు కుర్చీలో మోకాలు తొంభైకి వంచి కూర్చుని ఉంటే ఆ 40 నిలవదు. అనుభవమున్న డాక్టరు మనిషి చెప్పులు విడిచేటప్పుడు, మంచం ఎక్కేటప్పుడు, మాటల్లో పడి ఉన్నప్పుడు మోకాలిని గమనిస్తూనే ఉంటారు. మేస్త్రీ విషయంలో తొడ మూడు సెంటీమీటర్లు సన్నబడటం అతని తరపున గట్టి సాక్షి. నెలల తరబడి వాడని కాలే అలా సన్నబడుతుంది, దాన్ని ఎవరూ నటించలేరు. ఈ కొలతకు చిన్న టేపు చాలు. అయినా చాలా నోట్సుల్లో అది ఉండదు. ఉన్నచోట కూడా ఉత్తరంలోకి రాదు. నాకు బాధగా అనిపించే విషయం ఇది. పేదవాడి మాటను నమ్మించగలిగిన ఒకే ఒక్క అంకెను వదిలేస్తున్నాం.

దీనికి ఎదురు తప్పు కూడా ఉంది. కొందరు డాక్టరు ముందు నొప్పి దాచుకుంటారు. పళ్లు బిగించి మోకాలిని తొంభైకి తోస్తారు, మెట్లు గబగబా ఎక్కి చూపిస్తారు. డాక్టరు మెప్పు కోసమో, పౌరుషం కొద్దీనో అలా చేస్తారు. ఆ రోజు కాగితం మీద పడ్డ తొంభై తర్వాత మారదు. మామూలుగా రోజూ ఎంత వంచుతారో అంతే వంచి, ఎక్కడ నొప్పి మొదలైందో చెప్పాలి. రెండు మోకాళ్లూ కనబడే బట్టలు వేసుకుని, ఆపరేషన్ నాటి ఎక్స్‌రేలు, డిశ్చార్జి కాగితాలు, ఫిజియోథెరపీ చీటీలు తీసుకెళ్లాలి. ఏ పని చేసేవారో ఒక్క ముక్కలో కాకుండా, ఆ పనిలో కాళ్లు ఏం చేస్తాయో చెప్పాలి. "తాపీ పని" అంటే డాక్టరుకు గోడ గుర్తొస్తుంది. "రోజులో సగం గొంతు కూర్చునే ఉంటాను" అంటే మోకాలు గుర్తొస్తుంది.

శాశ్వతం అన్న మాటను ఎప్పుడు రాయాలన్నది చివరి చిక్కు. ఆపరేషనైన నాలుగు నెలలకే కొలిస్తే మోకాలు యాభై దగ్గర ఆగి ఉండొచ్చు. ఫిజియోథెరపీతో తర్వాత ఎనభైకి వస్తుంది. ముందే శాశ్వతం అని రాస్తే అవతలి పక్షం ఇంకో డాక్టరు చేత మళ్లీ కొలిపించి మొదటి ఉత్తరాన్ని పడగొడుతుంది. అందుకే రెండు మూడు తేదీల కొలతలు పక్కపక్కన పెట్టి, ఇక మార్పు లేదని చూపించాలి. మేస్త్రీ నోట్సులో ఎనిమిదో నెలలో 80, పధ్నాలుగో నెలలో 80 అని ఉంది కాబట్టి ఆ మాట నిలబడుతుంది. అయితే 90 దగ్గర బిగుసుకుంటూ ఆగిందని రాశాం కనుక, అతుక్కున్న కండరాన్ని విడదీసే ఆపరేషన్‌తో కొంత లాభం ఉండొచ్చా అని ఎవరైనా అడుగుతారు. కీలు ఎగుడుదిగుడుగా ఉంది కనుక ఏళ్లు గడిచేకొద్దీ అరుగుదల వచ్చి మోకాలి మార్పిడి అవసరం కావచ్చని కూడా డాక్టరుకు తెలుసు. ఈ రెండింటినీ ఉత్తరంలో చెప్పాలి. మొదటిదానికి ఎంత లాభం ఆశించవచ్చో, ఏ ప్రమాదం ఉందో, దానివల్ల గొంతు కూర్చునేంత వంపు వస్తుందని భరోసా ఇవ్వలేమని రాయాలి. రెండోదానికి భవిష్యత్తు వైద్య ఖర్చు కింద ట్రైబ్యునల్ పరిశీలించేలా, ఇప్పటి ధరల్లో అయ్యే ఖర్చు అంచనా విడిగా జతచేయాలి. ట్రైబ్యునల్ తుది తీర్పు ఇచ్చేసి, కేసు ముగిశాక మోకాలు అరిగిందని మళ్లీ మొదటి నుంచి పరిహారం అడగడం సాధారణంగా కుదరదు. ఆ పేరా ఈ ఉత్తరంలోనే ఉండాలి.